పద్నాలుగో తేదీకి దొరికిన ఆక్సిజన్ మిషను

తిరుత్తణి ఆసుపత్రిలో పది రోజులున్నాక వరదయ్యను ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మగ్గం మీద నలభై ఏళ్ళు వంగి కూర్చున్న మనిషి. ఇప్పుడు ఆక్సిజన్ లేకపోతే నాలుగడుగులు వేయలేడు. ఇంట్లో మిషను పెట్టుకుంటేనే పంపిస్తామని డాక్టరు చెప్పాడు.

పరికరాలు అద్దెకిచ్చే వెబ్‌సైటును మేనకోడలు జీవిత ఫోన్లో వెతికి పట్టింది. అయిదు లీటర్ల మిషనుకు క్యాలెండరులో పద్నాలుగో తేదీ నుంచి ఖాళీ ఉందన్నట్టు పచ్చ రంగు. తమ ఊరు పళ్ళిపట్టుకు డెలివరీ అంటే ఇంకో రెండు రోజులు. అందుకని తిరువళ్ళూరులోని వాళ్ళ అంగడికే వెళ్ళి తెచ్చుకుంటామని నొక్కింది. ఎనిమిది వేలు డిపాజిట్ కట్టగానే బుకింగ్ ఖాయమైనట్టు మెసేజ్ వచ్చింది.

పద్నాలుగున వరదయ్య భార్య రాజామణి, జీవిత అంగడికి చేరారు. అంగడి చూసుకునే గోపాలన్ ఆ మెసేజ్ చూసి తల గోక్కున్నాడు.

"మిషను ఇంకా రాలేదక్కా. పట్టాభిరామ్ ఊర్లో అద్దెకు తీసుకున్నోళ్ళు నిన్ననే తెచ్చియ్యాల. వాళ్ళు రాసిచ్చిన తేదీని బట్టే క్యాలెండరు పచ్చగా చూపిస్తాది."

"రాకుండానే మాకెట్లా ఇచ్చినారన్నా?" అంది జీవిత.

గోపాలన్ స్పీకరు పెట్టి ఫోన్ చేశాడు. అవతల ఏకాంబరం అనే అతను ఎత్తాడు.

"తెలుసు సార్. ఆలస్యమైన దినాలకు డిపాజిట్లో పట్టుకోండి. మా అమ్మ మూతికి పెట్టుండాది. తీసి ఎట్లా ఇచ్చేది?"

"చూసినారా? రూలంటే అంతే. డిపాజిట్ కోసేదానికి నాకు హక్కుండాది. పోయి గుంజుకొచ్చేదానికి లేదు," అన్నాడు గోపాలన్ చిన్నగా.

రాజామణి ఫోన్ అందుకుంది. తన భర్త సంగతి చెప్పి కాళ్ళావేళ్ళా పడదామనే అనుకుంది. అవతల మిషను గుర్రుమంటున్న చప్పుడు, దాని నడుమ ఒక ముసలావిడ దగ్గు వినబడ్డాయి.

"అమ్మకు వయసెంత నాయనా?"

"డెబ్బై ఆరు, అక్కా."

"సరే, చూసుకో," అని ఫోన్ ఇచ్చేసింది.

గోపాలన్ క్యాలెండరు తిప్పి చూపించాడు. ఉన్న ఇంకో మిషను పందొమ్మిదికి వస్తుంది. కావాలంటే కట్టిన డిపాజిట్‌ను దానికే మారుస్తానన్నాడు, అదే దినం ఇంటికి చేర్పిస్తానని, ఆ ఖర్చు తనదేనని అన్నాడు. వద్దంటే డిపాజిట్ మొత్తం వెనక్కిస్తానన్నాడు. జీవిత రాజామణి ముఖం చూసింది.

"మార్చమను. ఇంక యాడికి పోతాం?"

అంతలో ఆసుపత్రి నుంచి వరదయ్యే ఫోన్ చేశాడు. మాటకూ మాటకూ నడుమ ఊపిరి అందడం లేదు.

"దొరికిందా? మంచం ఖాళీ చెయ్యమన్నారు. బయట బెంచీ మీద కూసోనుండా. సిలిండరు పెట్టినారు."

"ఈ దినం లేదంట. నర్సమ్మకు ఫోనియ్యి."

పందొమ్మిది దాకా ఉంచుకోమని రాజామణి బతిమాలింది. మంచం వేరేవాళ్ళకు ఇచ్చేశామని, వరండాలో చాప వేస్తామని, సిలిండరు అయిపోతే మాత్రం చెప్పలేమని నర్సు అంది.

ఇద్దరూ తిరుత్తణి బస్సెక్కారు. దారి పొడుగునా రాజామణి తేదీలు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూనే ఉంది. ఎన్నిసార్లు లెక్కపెట్టినా అయిదే వస్తున్నాయి.