పసుపు వరుసలు

కామారెడ్డిలో హన్మంతు సేటు పైపుల దుకాణంలో కంప్యూటర్‌లోకి రేట్లు ఎక్కించేది నేనే, కృపాజ్యోతిని. సేటుకు ఎల్లారెడ్డిలో ఇంకో దుకాణం ఉంది. అక్కడ ఇరవై రెండేళ్లుగా కౌంటర్ మీద యాకూబన్నే. నేనిక్కడ షీట్ ఎక్కిస్తే అక్కడ కూడా రేటు మారిపోతుంది. ఆ పెత్తనం నాకు కొంచెం తలకెక్కిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ సోమవారం కంపెనీ పంపిన కొత్త రేట్లు మా ఎక్సెల్ షీట్‌లో అతికించి ఎక్కించాను. నాలుగు వందల పన్నెండు వరుసలు. రేట్లు మారకముందే కంప్యూటర్ పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. తప్పున్న వరుసలు ఎర్రగా వస్తాయి, వాటిని దిద్దందే ముందుకు పోనివ్వదు. మూడు వచ్చాయి. రెండింటికి కోడ్ లేదు, ఒకదానికి రేటు బదులు 'త్వరలో' అని ఉంది. దిద్దాను. రేటు ముప్పై శాతానికి మించి మారితే ఆ వరుస పసుపు రంగులో వస్తుంది. పసుపు ఆపదు, చూసుకొమ్మంటుందంతే. అవి పంతొమ్మిది ఉన్నాయి. 'అన్నీ చూశాను' అనే చోట ఒక్క టిక్కు పెడితే వదిలేస్తుంది. ప్రతి సీజన్‌లో పెట్టినట్టే పెట్టాను. ఒక్కటి చూస్తే ఒట్టు.

మధ్యాహ్నం యాకూబన్న ఫోన్ చేశాడు. బావిలో పైపు చివర బిగించే ఇత్తడి ఫుట్‌వాల్వు కోసం, ఎప్పుడూ ఆయన దగ్గరే కొనే సాలవ్వ వచ్చిందట.

"బిడ్డా, ఆరు వందల ఇరవై ఉండె. పన్నెండు వందల నలభై చూపిస్తుంది. ఒక్కసారి చూస్తవా?"

నేను చూడలేదు. ఇత్తడి పిరమైందన్నా, స్క్రీన్ మీదున్నదే కొట్టు అన్నాను. ఇత్తడి సంగతి నాకేం తెలుసు? నోటికొచ్చింది చెప్పాను. స్క్రీన్ రేటే రేటని సేటు పెట్టిన రూలు ఉంది కాబట్టి అన్న అదే రేటుకు బిల్లు కొట్టాడు.

సాయంత్రం మనసు ఆగక కంపెనీ షీట్ మళ్లీ తెరిచాను. ఆ పంతొమ్మిది సామాన్లకు ఈసారి డబ్బా రేటు వేశారు. డబ్బాకు రెండు. మేమేమో విడిగా అమ్ముతాం. అంటే అన్నీ రెట్టింపు రేటుకు ఎక్కించాను. 'ఈ అప్‌డేట్ వెనక్కి' అన్నది నొక్కాను. మొత్తం రేట్లు పొద్దున ఎట్లున్నాయో అట్లా అయిపోయాయి. ఆ పంతొమ్మిదింటినీ సగం చేసి, షీట్ మళ్లీ ఎక్కించాను. ఈసారి పసుపు ఒక్కటీ రాలేదు.

రేట్లయితే వెనక్కి వచ్చాయి. కొట్టిన బిల్లులను ఆ మీట ముట్టదు. సాలవ్వ సంగతి మరిచిపోలేదు నేను, గుర్తుంది. రేపు చెబుదాంలే అనుకున్నాను. మంగళవారం కూడా అదే అనుకున్నాను.

బుధవారం సాలవ్వ బిల్లు పట్టుకొని ఎల్లారెడ్డి దుకాణానికి వచ్చింది. పక్క దుకాణంలో అదే వాల్వు సగం ధరకే ఉందట. నీ మొఖం చూసి కొన్న, నన్నే ముంచుతవా అని పదిమంది ముందర యాకూబన్నను కడిగేసింది. సంగతి సేటుదాకా వచ్చింది. ఆయన స్క్రీన్ తెరిచి చూస్తే ఆరు వందల ఇరవై. బిల్లులో పన్నెండు వందల నలభై. అంటే చేత్తో రేటు మార్చి కొట్టాడనే కదా ఎవరైనా అనుకునేది. నా తప్పు దాచుకోవడానికి నేను చేసిన మరమ్మతే ఆయన్ను దొంగను చేసింది.

సేటు ఫోన్‌లో అడిగాడు. స్పీకర్‌లో యాకూబన్న గొంతు నాకూ వినిపించింది.

"బిల్లు నేనే కొట్టిన సేటూ."

అంతే. నా పేరు ఎత్తలేదు. రేపటి నుంచి గోదాంల ఉండుమన్నాడు సేటు. నేను నాలుగడుగుల దూరంలో కూర్చుని, నోట్లో నాలుక లేనట్టు కీబోర్డు తుడుస్తున్నాను. సిగ్గు లేని పని.

రెండు రోజులు ముద్ద దిగలేదు. శుక్రవారం సేటు ముందర ఆ అప్‌డేట్ల చరిత్ర తెరిచి పెట్టాను. ఏ షీట్ ఎప్పుడెక్కింది, పసుపు వరుసలకు టిక్కు పెట్టిందెవరు, వెనక్కి తీసిందెవరు, అన్నిటి పక్కనా నా పేరే. యాకూబన్న నన్ను అడిగిన సంగతి కూడా చెప్పాను. సేటు చాలా తిట్టాడు. తిడుతుంటే కొంచెం ఊపిరి ఆడింది. సాలవ్వకు పైసలు వాపసు ఇచ్చి, అన్నను మళ్లీ కౌంటర్ మీదికి పంపాడు.

శనివారం బస్సెక్కి ఎల్లారెడ్డి పోయాను. మాఫ్ చెయ్యన్నా అన్నాను. యాకూబన్న కోపపడితే బాగుండేది.

"నువ్వే చెప్తవని చూసిన బిడ్డా," అన్నాడు. "మూడు దినాలు చూసిన."

ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. ప్రతి సామాను రేటూ కళ్లు మూసుకొని చెప్పే మనిషి ఇప్పుడు రోజుకు ఇరవై సార్లు చేస్తాడు.

"బిడ్డా, అరంగుళం ఎల్బో పన్నెండు రూపాయలు చూపిస్తుంది. కొట్టుమంటవా?"

ప్రతిసారీ షీట్ తెరిచి, ఆ వరుస మీద వేలు పెట్టి చూసి, కొట్టు అన్నా అంటున్నాను.