పంపినవారి పేరు

ప్రెస్సులో అడుగుపెట్టగానే ఓనరు నన్ను పిలిచి తన మానిటరు నా వైపు తిప్పాడు. ఆర్డర్లు వచ్చే మెయిల్లో ఒక ఉత్తరం. ‘నువ్వు బూతు వీడియోలు చూస్తూ చేసిన పనులన్నీ నీ కెమెరాలోంచి రికార్డు చేశాను. నీ పాస్‌వర్డ్ ఇదిగో. బిట్‌కాయిన్‌లో డబ్బు పంపకపోతే వీడియో నీవాళ్లందరికీ వెళ్తుంది.’

పాస్‌వర్డ్ మాత్రం నిజమే. చేరిన కొత్తలో నేనే మా పిల్లి పేరు పెట్టాను.

“ఇది నువ్వు పెట్టిందే కదమ్మా?”

“అవునండీ. పాతది, ఎప్పుడో మార్చేశాం.”

“మరి బయటివాడికెలా తెలిసింది? పైగా మన మెయిల్ నుంచే మనకొచ్చింది. లోపలివాళ్ల పనే. అయినా సాయంత్రాలు ఒక్కదానివే ఉంటావు, ఈ సిస్టమ్ ముందు ఏం చేశావో నీకే తెలియాలి.”

ఒకే నోటితో నన్ను దొంగనూ చేశాడు, ఆ వీడియోలో మనిషినీ చేశాడు. రెండూ ఎలా కుదురుతాయో ఆయనకే తెలియాలి. అటు బైండింగ్ పని చేసే బాబాయ్ జిగురు బ్రష్ పక్కన పెట్టి ఇటు చూశాడు.

ముందురోజు అచ్చేసిన కవర్ల కట్టలోంచి ఒకటి లాగాను. “దీనిమీద పంపినవారి పేరు ఎవరేశారు?”

“మనమే.”

“ఆర్డరిచ్చిన పార్టీ ఏ పేరు చెబితే అదే వేశాం కదా. మెయిల్లోనూ అంతే, ఎవడైనా ఎవరి పేరైనా వేసుకోవచ్చు. మనం పంపినవాటిలో వెతకండి, ఉందేమో.”

లేదు.

“డిజైన్లు దించుకునే సైటుకీ అదే పాస్‌వర్డ్ పెట్టాం. వాళ్ల దగ్గర పాస్‌వర్డులు చోరీ అయ్యాయని అప్పట్లో వాళ్లే చెప్పారు. అందుకే మార్చాం. అవి పట్టుకుని ఇలాంటివి వేలమందికి పంపుతారు. పైసా ఇవ్వక్కర్లేదు.”

బాబాయ్ వచ్చి మానిటరు ముందూ వెనకా వంగి చూశాడు. “అది సరే, దీనికి కెమెరా ఏదయ్యా?”

ఓనరు తేలిగ్గా నవ్వేశాడు. “హమ్మయ్య! పోనీలేమ్మా, డిలీట్ కొట్టేసి పని చూసుకో.”

అప్పుడే నా ఫోను మోగింది. నన్ను ఇక్కడ పనిలో పెట్టించిన మా అన్నయ్య.

“ఏం చేశావే అక్కడ? మీ ఓనరు పొద్దున్నే ఫోన్ చేశాడు. కెమెరా అంట, పాడు వీడియో అంట... అమ్మ వినేసింది. ఒకటే ఏడుపు.”

అన్నయ్య గొంతు బయటికి వినపడినట్టుంది, ఓనరు తల దించుకుని ఏవో కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. ఆ మెయిల్ రాసిన వెధవ నన్నెప్పుడూ చూడలేదు. ఈయన రోజూ చూస్తాడు. లేని వీడియోని ఇంటికి పంపుతానని వాడు బెదిరించాడు, ఈయన పంపేశాడు.

స్పీకర్ నొక్కి ఫోను ఆయన ముందు బల్లమీద పెట్టాను.

“చెప్పండి,” అన్నాను. “అమ్మకి కూడా వినపడాలి.”