అయిదుకి ఒకటి, ఆరులో ఒకటి

ఆసుపత్రి కొనుగోళ్ల గదిలో గోడవార నాలుగు కుర్చీలున్నాయి. ఒకటి కుంటిది. చిన్న మేస్త్రి ఏరికోరి దాని మీదే కూర్చున్నాడు. కదిలినప్పుడల్లా అది టక్కుమంటోంది. కదలకుండా ఉండటం అతనివల్ల కావడం లేదు.

పక్కన అతని భార్య. ఆమెను అందరూ పిచ్చుక అంటారు. చిన్నప్పుడు ఒక్కచోట కుదురుగా ఉండేది కాదని బాబాయి పెట్టిన పేరు. ఇవాళ మాత్రం ఆమె కదలడం లేదు. గోళ్ల సందుల్లో ఎంత కడిగినా వదలని సిమెంటు మరక. కొంగు చివరతో దాన్ని గీకుతూ కూర్చుంది.

ఆ బాబాయే రెండు కుర్చీల అవతల కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని పెద్ద మేస్త్రి అంటారు. సిమెంటుతో బావి ఒరలూ స్తంభాలూ బెంచీలూ పోసే యార్డు ఆయనది. చిన్న మేస్త్రి ఆ యార్డులోనే పని నేర్చుకున్నాడు. పిచ్చుక ఆ యార్డులోనే బిల్లులు రాసింది. పెళ్లయ్యాక ఇద్దరూ విడిగా వెళ్లి నాలుగు అచ్చులతో సొంత పని మొదలుపెట్టారు. అప్పుడాయన కోపగించలేదు. నవ్వాడు.

"పోండమ్మా, పోండి. వానలు పడితే మళ్ళీ నా యార్డులోనే తట్ట మోస్తారు," అన్నాడు.

వానలు దగ్గర పడ్డాయి. చిల్లర బేరాలు ఆగిపోయాయి. ఆసుపత్రి ఆవరణకి కావలసిన ఎనభై బెంచీల పని దొరికితే సొంత యార్డు నిలుస్తుంది. దొరక్కపోతే బాబాయి దగ్గరికే కూలికి వెళ్లాలి. ఈ సంగతి ముగ్గురికీ తెలుసు. అందుకే ముగ్గురూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు.

కొనుగోళ్ల అధికారిణి వచ్చింది. సన్నటి మనిషి. కళ్లద్దాలు గొలుసుకి వేలాడుతున్నాయి. రేట్లు రాసి అంటించి ఇచ్చిన మూడు కవర్లూ ఎత్తి, అంటించిన చోట చిరగలేదని అందరికీ చూపించి, కత్తెరతో వరసగా కత్తిరించింది.

"ఒక్కో బెంచీకి. మొదటిది, పొరుగూరి వాళ్ళది. వెయ్యిన్ని తొంభై, పన్ను అదనం."

ఆ ఊరి నుంచి ఎవరూ రాలేదు.

"పెద్ద మేస్త్రి గారిది. వెయ్యిన్ని ఇరవై, పన్ను అదనం. చిన్న మేస్త్రి గారిది..." ఆమె కాగితాన్ని కాస్త దూరంగా పట్టుకుంది. "పన్నెండు వందలు."

కుంటి కుర్చీ టక్కుమంది.

పెద్ద మేస్త్రి కాలు కిందికి దించాడు. కండువా సర్దుకున్నాడు. "పోనీలే అల్లుడూ," అన్నాడు, నిజంగానే జాలిగా. "రేటు కట్టడం ఒక్క రోజులో వస్తుందా? సోమవారం నించి వచ్చేయండి ఇద్దరూ."

"ఆగండి. కింద ఇంకేదో రాసుంది," అంది అధికారిణి. కళ్లద్దాలు పెట్టుకుంది. "పన్నుతో సహా."

ఆ మాట చిన్న మేస్త్రి రాసిందే. గేటు దగ్గరికి వచ్చేవాళ్ళు మొత్తం ఎంతవుతుందని అడుగుతారు గానీ ధర ఎంత, పన్ను ఎంత అని విడదీసి అడగరు. వాళ్ళకి చెప్పే లెక్కే కవర్లోనూ పెట్టాడు.

"నా పట్టికలో పన్ను లేని రేటే రాయాలి," అంది అధికారిణి. "మిగతా ఇద్దరూ అలాగే ఇచ్చారు. మేస్త్రి గారూ, పన్ను ఇరవై శాతం. అది తీసేస్తే మీ రేటు ఎంతో ఈ చీటీ మీద రాసి సంతకం పెట్టండి. పట్టికలో ఎక్కిస్తాను."

చిన్న మేస్త్రి ఫోను తీశాడు. బొటనవేలికి కాయ కాసి ఉండటంతో అంకెలు ఒక పట్టాన పడలేదు. పన్నెండు వందలు కొట్టాడు. తీసివేత కొట్టాడు. ఇరవై శాతం నొక్కాడు. ఫోను చెప్పింది చెప్పినట్టు చీటీ మీద రాశాడు: 960.

అధికారిణి చీటీ అందుకుని పట్టిక వంక చూసింది. కనుబొమలు లేచాయి. "తొమ్మిది వందల అరవై! అయితే తక్కువ మీదేనండీ. అరవై తేడా." ఆమె నవ్వింది. "సంతకం మర్చిపోయారు. పెట్టేయండి."

పెద్ద మేస్త్రి కండువా మళ్ళీ సర్దుకున్నాడు. ఈసారి అది సరిగ్గా కుదరలేదు.

చిన్న మేస్త్రి కలం పట్టుకున్నాడు. పిచ్చుక అతని మణికట్టు పట్టుకుంది.

"తప్పు," అంది.

"ఏంటి తప్పు?" అన్నాడు గొంతు తగ్గించి. "గెలిచాం కదే. ఊరుకో."

"గెలిచి ఏం చేస్తాం? బెంచీ పొయ్యడానికి తొమ్మిది వందల యాభై అయిదు అవుతుంది. ఇసుక నించి బండి కిరాయి దాకా నేనే కట్టాను. నీ లెక్కన బెంచీకి అయిదు మిగుల్తుంది. ఎనభై బెంచీలు పోసి చేతులు కడుక్కోవడమే."

"అలాగని ఇప్పుడు కాదంటే పనే పోతుంది!"

"ఏమైంది?" అంది అధికారిణి.

పిచ్చుక లేచి నిలబడింది. "మేడం, ఆ తొమ్మిది వందల అరవై తప్పండీ. పన్ను తీస్తే మా రేటు వెయ్యి."

పెద్ద మేస్త్రి లేచాడు.

"అదేం కుదరదు! కవర్లు విప్పాక రేటు పెంచుతారా? నా రేటు తెలిసింది కాబట్టి దానికి సరిగ్గా ఇరవై కింద కూర్చుంటానంటోంది. మేడం, రాసిందే ఉంచండి. లేదా ఆ కాగితం కొట్టేయండి."

ఆయన మాట అన్యాయం కాదు. అధికారిణి మొహంలో నవ్వు పోయింది. "విప్పాక రేటు మార్చడానికి వీల్లేదమ్మా. నియమం అది."

"మా రేటు మారలేదు మేడం. అది కవర్లో ఉంది. పన్నెండు వందలు, పన్నుతో సహా. అందులోంచి పన్ను తీసిన పద్ధతి తప్పు, అంతే."

"ఇరవై శాతం తీశాడు కదా! ఇంకెలా తీస్తారు?" అన్నాడు పెద్ద మేస్త్రి.

పిచ్చుక ఆయన వైపు తిరిగింది. "బాబాయ్, బెంచీకి మాలు ఎలా కలుపుతావు?"

"ఇప్పుడదెందుకు?"

"చెప్పు."

పని గురించి అడిగితే ఆయన ఊరుకోలేడు. "అయిదు తట్టల ఇసుకకి ఒక తట్ట సిమెంటు. నా యార్డులో అంతే. ఎవడి యార్డులోనైనా అంతే ఉండాలి."

"అంటే ఇసుకలో అయిదో వంతు సిమెంటు. నూటికి ఇరవై. అవునా?"

"అవును."

"మొత్తం ఆరు తట్టలయ్యాయి."

"కలిపితే ఆరు రావు. సిమెంటు ఇసుక సందుల్లోకి దిగిపోతుంది," అన్నాడాయన కసిగా.

అధికారిణి నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుంది. పిచ్చుక కూడా నవ్వేసింది.

"సరే, కలపకు. పక్క పక్కనే నిలబెట్టు. ఆరు తట్టలు. అందులో సిమెంటు తియ్యమంటే ఎన్ని తీస్తావు?"

"ఒకటి."

"ఆరింటిలో ఒకటి. ఆరులో అయిదో వంతు తీస్తే?"



"తట్టెడు సిమెంటుతో పాటు కొంత ఇసుకా పోతుంది," అన్నాడు చిన్న మేస్త్రి నెమ్మదిగా. అన్నాక తన చీటీ వంక చూసుకున్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"మా ధర ఇసుక. పన్ను సిమెంటు," అంది పిచ్చుక. "ఇరవై శాతం వెయ్యడం ధర మీద. పన్నెండు వందల్లో ధరా ఉంది, పన్నూ ఉంది. దాని మీద ఇరవై శాతం తీస్తే పన్ను మీద కూడా పన్ను తీసినట్టే. రెండు వందలు తియ్యాల్సిన చోట రెండు వందల నలభై తీశాడీయన. వెనక్కి వెళ్లి చూడండి మేడం. తొమ్మిది వందల అరవై మీద ఇరవై శాతం వెయ్యండి."

అధికారిణి తన యంత్రం మీద కొట్టింది. "నూట తొంభై రెండు. కలిపితే పదకొండు వందల యాభై రెండు."

"కవర్లో అది ఉందా?"

"లేదు."

"వెయ్యి మీద వెయ్యండి."

"రెండు వందలు. పన్నెండు వందలు." ఆమె అక్కడితో ఆగలేదు. తనంతట తనే పన్నెండు వందల్ని ఒకటి పాయింట్ రెండుతో భాగించింది. వెయ్యి వచ్చింది. తర్వాత మూడో లెక్క కూడా వేసింది. వెయ్యిన్ని ఇరవై మీద ఇరవై శాతం. రెండు వందల నాలుగు. మొత్తం పన్నెండు వందల ఇరవై నాలుగు.

"పన్ను తీసి చూస్తే ఇరవై తక్కువ. పన్ను వేసి చూస్తే ఇరవై నాలుగు తక్కువ," అంది. "ఎటు నించి చూసినా తక్కువ రేటు వీళ్ళదే, పెద్ద మేస్త్రి గారూ."

"మరి ఆ చీటీ?"

"సంతకం లేదు. అది చిత్తు లెక్క. రేటంటే కవర్లో ఉన్నదే. చీటీలో ఉన్నది ఉంచితేనే నేను రేటు మార్చినట్టు." చీటీని అడ్డంగా కొట్టి, పక్కన సరైన లెక్క తన చేత్తో రాసి, ముందు పెద్ద మేస్త్రి వైపే జరిపింది. "చూసి, మీకు అభ్యంతరం లేదని సంతకం పెట్టండి."

ఆయన చాలాసేపు చూశాడు. పెదవులు కదిలాయి. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. చివరికి సంతకం చేశాడు. పెద్ద సంతకం. చీటీలో సగం నిండింది.

పట్టికలో చిన్న మేస్త్రి పేరుకి ఎదురుగా వెయ్యి, పన్ను రెండు వందలు, మొత్తం పన్నెండు వందలు ఎక్కాయి. ఎనభై బెంచీలు. అధికారిణి ముద్ర కొట్టిన చప్పుడుకి చిన్న మేస్త్రి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, ఎవరో పేరు పిలిచినట్టు.

బయట ఎండ కాస్తోంది. మెట్ల మీద చిన్న మేస్త్రి భార్య చేతిలోంచి పని కాగితం తీసుకున్నాడు. చదివాడు. మళ్ళీ ఇచ్చాడు. మళ్ళీ తీసుకున్నాడు.

"నన్ను తిట్టవేంటి?" అన్నాడు.

"ఇంటికెళ్లాక."

"ఇక్కడే తిట్టు. ఎవరైనా వింటారు. ఎనభై బెంచీల యజమానిని పెళ్ళాం తిడుతోందని చెప్పుకుంటారు."

ఆమె ఇక ఆపుకోలేకపోయింది. మెట్టు మీదే కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది. మందుల సంచీలతో పోయేవాళ్ళు ఆగి చూశారు. ఏమీ తెలియకపోయినా ఒకరిద్దరు వాళ్ళూ నవ్వారు.

పెద్ద మేస్త్రి వెనక నించి దిగి వచ్చి రెండు మెట్ల పైన ఆగాడు. "నా దగ్గర బిల్లులు రాసి రాసి నా మీదే తిప్పావే!"

"నీ దగ్గర రాసినప్పుడు ఎప్పుడైనా తప్పానా బాబాయ్?"

"తప్పలేదు. అదే నా బాధ." గొంతు సవరించుకున్నాడు. "నాలుగు అచ్చులతో ఎనభై బెంచీలు ఎప్పటికి లేస్తాయి? వానలొస్తాయి. నా దగ్గర పన్నెండు బెంచీ అచ్చులు ఖాళీగానే ఉన్నాయి. అద్దెకి పట్టుకుపోండి. ఊరికే ఇవ్వను."

"ఊరికే అక్కర్లేదు. ఎంత?" అంది పిచ్చుక.

"పని అయ్యేదాకా అచ్చుకి అరవై."

చిన్న మేస్త్రి ఒక మెట్టు పైకెక్కాడు. "పన్నుతో కలిపా మావయ్యా, పన్ను కాకుండానా?"

పెద్ద మేస్త్రి అల్లుణ్ణి ఎగాదిగా చూశాడు. ఆ మాట తను నేర్పింది కాదు.

"పన్నుతో కలిపే," అన్నాడు చివరికి.

"అయితే అద్దె యాభై, పన్ను పది. బిల్లు అలా రాయించు," అన్నాడు చిన్న మేస్త్రి, ఫోను తియ్యకుండానే.

పిచ్చుక లేచి చీర దులుపుకుంది. ముగ్గురూ అచ్చుల కోసం బండి మాట్లాడటానికి వీధిలోకి నడిచారు. ముందు ఆమె, చేతిలో కాగితంతో.