పన్నెండు ఎంఎం గ్లాసు

గ్లాసు షెల్ఫు పెట్టించుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది మందం. "ఎన్ని ఎంఎం వేస్తున్నవు?" అంటారు. గోడ సంగతి ఒక్కరూ అడగరు. అడగని వాళ్ల మీద ఇదివరకు నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు నా ఒక్కడి మీదే మండుతోంది.

నల్లగొండలో నాకు గ్లాసు, అల్యూమినియం దుకాణం ఉంది. ఇరవై రెండేళ్లుగా అదే బతుకు. అంతకుముందు మా ఇంట్లో అందరిలాగే నేనూ మగ్గం మీద కూర్చున్నాను. కాని నాకు ఓపిక తక్కువ. పోగు తెగితే అతికే లోపలే నాలుగు తిట్లు తిట్టేవాణ్ణి. మగ్గం మానేస్తున్నానని చెప్పినప్పుడు నాయిన నెల రోజులు నాతో మాట్లాడలేదు. నా పక్కన నిలబడింది మా బావ పరమేశ్వర్ ఒక్కడే, మా ఆండాళక్క భర్త. "పోనియ్యి నరహరీ, నీకు నచ్చిన పని చేసుకో. మంచిగ చెయ్యి, గంతే" అన్నాడు.

బావ మాత్రం చండూరు దగ్గర ఊళ్లోనే ఉండి మగ్గాన్ని నమ్ముకున్నాడు. నూలుకు ముడులు కట్టి, రంగులో ముంచి, ముడి విప్పితే పువ్వు తేలేలా చేయడంలో ఆ చుట్టుపక్కల ఆయన్ని మించినవాడు లేడు. ఒక్క బట్టకు కొన్ని వేల ముడులు. అన్నీ కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కలిసి వేసేవే. ఆ రెండు వేళ్ల మీదే ఆ ఇల్లు నడుస్తోంది. అందుకే అక్క ఆయన్ని కత్తిపీట ముట్టనివ్వదు, కొబ్బరికాయ కూడా కొట్టనివ్వదు. "పెండ్లికొడుకును చూసుకున్నట్టు చూసుకుంటున్నవక్కా" అని నేను ఏడిపించేవాణ్ణి.

నిరుడు బావకు రాష్ట్ర అవార్డు వచ్చింది. ఆ తర్వాతి ఆదివారం కులపెద్దలు ఇంటికొచ్చి సన్మానం చేస్తారని తెలిసి మేనకోడలు శ్రీలత నాకు ఫోన్ చేసింది. హాల్లో గోడకు పొడుగాటి గ్లాసు షెల్ఫు పెట్టి, అవార్డూ, బావ నేసిన పాత నమూనాలూ పేర్చాలని దాని కోరిక.

"నేను పెడతా బిడ్డా. మా బావకు నా తరఫున" అన్నాను. నిజం చెప్పాలంటే నాకు పట్టలేనంత సంతోషం. మగ్గం వదిలిన నేను ఆ ఇంటికి నా చేతిపని ఇవ్వడం అదే మొదలు.

శ్రీలత హైదరాబాద్‌లో చదివింది, తెలివైన పిల్ల. "మామా, టఫెన్డ్ గ్లాసే కదా?" అని అడిగింది. టఫెన్డ్ అంటే కొలత ప్రకారం కోసి, అంచులు అరగదీశాక కొలిమిలో కాల్చి గట్టిపరిచిన గ్లాసు. పగిలినా చిన్న చిన్న పలుకులవుతుంది, కత్తుల్లా చీలదు. కాల్చిన తర్వాత దాన్ని కోయడం గానీ బెజ్జం వేయడం గానీ కుదరదు. కొలతలు పంపితే హైదరాబాద్ నుంచి రావడానికి వారం పడుతుంది. ఆదివారానికి నాలుగు రోజులే ఉన్నాయి.

"మామూలు గ్లాసే పన్నెండు ఎంఎం వేస్తా. మనిషి కూసున్నా పగలది" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు, పన్నెండు ఎంఎం. పలక ఒక్కటే పదకొండు కిలోలు తూగుతుంది. దాని మీద ఏమీ పెట్టకముందే గోడ మోయాల్సిన బరువు అది. మందం పెరిగితే గ్లాసు బలపడుతుంది, గోడకు మాత్రం భారం పెరుగుతుంది. నాకు తెలియనిదా? మూడు బ్రాకెట్లు కింద ఆనించి ఎనిమిది ఎంఎం టఫెన్డ్ వేస్తే చక్కగా సరిపోయేది. కాని ఊళ్లో నలుగురూ చూసి నోరు తెరవాలని నాకు కక్కుర్తి.

గ్లాసును కింద నుంచి మోసే బ్రాకెట్లు కనిపిస్తే అందం పోతుందనుకుని క్లిప్పులు తెచ్చాను. గ్లాసు వెనక అంచును రెండంగుళాలు కరిచి పట్టుకునే స్టీలు క్లిప్పులు. లోపల రబ్బరు ఉంటుంది కాబట్టి గ్లాసుకు దెబ్బ తగలదు. రెండు సీసాలో, ఒక ఫొటోనో పెట్టుకునే చిన్న పలకలకు అవి బాగుంటాయి. అడుగు వెడల్పు పలక మీద బరువు పడితే లెక్క వేరు. నిండు బిందెను చంకన పెట్టుకోవడానికీ, చాచిన చేత్తో పట్టుకోవడానికీ ఉన్న తేడా. ముందుకొచ్చిన బరువంతా క్లిప్పు పై మరను గోడలోంచి బయటికి లాగుతుంది.

ఇక గోడ. బావ ఇల్లు పాతది, రాయీ మట్టీ పెట్టి కట్టినది. పదేళ్ల కింద పైన సిమెంటు పూత పూసి రంగు వేశారు. పిడికిలితో తట్టి చూశాను, గట్టిగానే పలికింది. "బావా, గోడ ఎట్లుంటది?" అన్నాను.

"మా తాత కట్టిన గోడరా. ఫిరంగి పెట్టి కొట్టినా కదలది" అన్నాడు బావ.

మొదటి రెండు బెజ్జాలు రాతిలో పడ్డాయి. డ్రిల్లు బిట్టు కీచుమంది, తెల్లటి పొడి రాలింది. కుడివైపు చివర మాత్రం అంగుళం సిమెంటు దాటగానే డ్రిల్లు వెన్నలో దిగినట్టు దిగింది. ఎర్రమట్టి రాలింది. అక్కడ నేను ఆగాలి. రాళ్ల మధ్య సందు అయ్యుంటుందిలే అనుకున్నాను. మర పట్టు కోసం బెజ్జంలో పెట్టే ప్లాస్టిక్ గిట్టీ దోపితే వదులుగా తిరిగింది. దాని పక్కన రెండు అగ్గిపుల్లలు కొట్టి మర బిగించాను. మర బిగిసింది. గిట్టీ వదులైతే అగ్గిపుల్ల పెట్టడం మా పనిలో అందరూ చేసేదే. అద్దానికో గడియారానికో అయితే నడుస్తుంది.

అక్క వంటింట్లో ఉంది. ఛాయ్ ఇచ్చి పోయింది. ఆమెను నేనేమీ అడగలేదు.

ఆదివారం ఇల్లంతా జనం. వచ్చినవాళ్లందరూ గ్లాసు మీద వేలితో రాసి చూశారు. "మా బామ్మర్ది పెట్టిండు. దీని మీద మనిషి కూసోవచ్చునట" అని బావ ప్రతి ఒక్కరికీ చెప్పాడు. నా ఛాతీ ఎంత పొంగిందో ఆ దేవుడికి తెలుసు.

అదే మాట నమ్మి, తర్వాత ట్రంకు పెట్టెలోని పాత నమూనాల మూటలన్నీ తెచ్చి ఆ షెల్ఫు మీద పేర్చారు. మూటగట్టిన బట్ట ఎంత బరువుంటుందో నేతవాళ్లకు చెప్పాలా?

సన్మానం రోజుతో కలిపి పందొమ్మిదో రోజు, గురువారం పొద్దున, బావ ఆ గోడ కింద కూర్చుని ముడులు కడుతున్నాడు. టిక్కుమని శబ్దం వచ్చిందట. కుడివైపు క్లిప్పు గిట్టీతో సహా ఊడి, పలక ఒక పక్కకు ఒరిగింది. పక్కకు జరిగితే సరిపోయేది. బావ లేచి రెండు చేతులతో దాన్ని పట్టుకున్నాడు. మూటలు జారాయి, మిగతా క్లిప్పులు మెలిపడ్డాయి, పలక ఆయన చేతుల్లోనే రెండుగా చీలింది.

నల్లగొండ దవాఖానలో కట్టు కట్టి హైదరాబాద్‌కు పంపించారు. కుడి అరచేతిలో బొటనవేలి నరమూ, చూపుడువేలి నరమూ తెగాయి. ఆపరేషన్ చేసి కలిపారు. చెయ్యి పనికొస్తుంది, తినడానికీ, బండి పట్టుకోవడానికీ ఇబ్బంది లేదన్నాడు డాక్టరు. సన్నని పని సంగతి అడిగితే, చూద్దాం అన్నాడు. ఏడు నెలలు చూశాం. ఆ రెండు వేళ్లూ ఒకదాన్నొకటి తాకడం లేదు.

పోయిన నెల శ్రీలత మళ్లీ ఫోన్ చేసింది. "మామా, గోడకు పెద్ద బొంద పడ్డది. జర వచ్చి చూడు" అంది. నాకు వెళ్లాలని లేదు. అయినా వెళ్లాను.

ఊడిన చోట సిమెంటు పూతను ఉలితో చెక్కాను. లోపల గుండ్రని పెద్ద బొక్క, పిడికిలి పట్టేంత, దాని నిండా మెత్తటి ఎర్రమట్టి. జానెడు అవతల ఇంకోటి. ఇంకోటి. వరుసగా ఆరు.

అక్క వచ్చి నా వెనక నిలబడింది. "గవి గూటాల బొక్కలు గదరా తమ్మీ. మా అత్త గీ గోడకు గూటాలు కొట్టి, పడుగు పోసేది. ఆమె పోయినంక నేనే పీకి మట్టి వెట్టి మూసిన" అంది.

నేత ఇంట్లో పుట్టాను. పడుగు పోయడం, అంటే మగ్గానికెక్కే నిలువు పోగులు సాగదీసి సరిచేయడం, ఆడవాళ్ల పని అనీ, దానికి గోడల్లో కర్రగూటాలు ఉంటాయనీ నాకు తెలియదా? మా అమ్మ గూటాల మధ్య పోగులు పట్టుకుని రోజంతా అటూ ఇటూ నడిచింది, నేను ఆమె కాళ్లకు అడ్డం పడుతూ పెరిగాను. ఆ గోడ సంగతి బావకు తెలియకపోవడంలో తప్పు లేదు. ఆయన మగ్గం మీంచి తల ఎత్తిందెప్పుడు? తెలిసిన మనిషి ఛాయ్ గ్లాసు పట్టుకుని నా ముందే నిలబడింది.

"నువ్వు ఆనాడు చెప్పకపోతివి గదక్కా" అన్నాను. ఎంత నీచుణ్ణి, ఆమె మీదకు తోస్తున్నాను.

అక్కకు కోపం రాలేదు. "నువ్వు మీ బావనడిగినవు. నన్నెవలు అడిగిండ్రు?" అని చెంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. వంటింట్లో ఆమె ఏడుపు నాకు వినిపిస్తూనే ఉంది.

బొక్కలన్నీ కడిగి సిమెంటు కూరాను. అయినా ఆ గోడకు ఇక బరువు వేలాడదీయను. నేలమీద నిలబడే ఇనుప ఫ్రేము చేయించాను. బరువంతా కాళ్ల మీదుగా నేలకు పోతుంది, గోడ దాన్ని పడిపోకుండా ఆపితే చాలు. ఎనిమిది ఎంఎం టఫెన్డ్ పలకలు, ప్రతిదాని కిందా మూడు ఆనింపులు, ఇనుము గ్లాసుకు తగలకుండా రబ్బరు. చేయాల్సిన పని చేయాల్సినట్టు చేయడానికి ఒక పూట పట్టింది. మొదటిసారీ ఆ ఒక్క పూటే పట్టేది.

బావ కుర్చీలో కూర్చుని అంతా చూశాడు. కుడిచేయి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయన తిడితే బాగుండునని నేను ఎదురుచూస్తున్నాను. తిట్టకపోతే ఎలా మోయాలి దీన్ని?

"బావా, కొట్టు నన్ను. లేకుంటే తిట్టు" అన్నాను చివరికి.

"ఎందుకురా?"

"పక్కకు జరిగితే అయిపోతుండె గద బావా! పడితే పడనియ్యక చెయ్యెందుకు వెట్టినవు? గా గ్లాసు పోతే ఇంకో గ్లాసు వస్తుండె."

బావ కుడిచేయి ఒళ్లోంచి తీసి పక్కనున్న కొత్త ఫ్రేముకు ఆనించాడు.

"నువ్వు మగ్గం ఇడిచిపెట్టి పోయినంక మా ఇంట్ల నీ చేతిపని అదొక్కటే ఉండెరా" అన్నాడు. "అది పలుగుతదనంగ చెయ్యి ఆగలే."

నా చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. ఇంకా రెండు మరలు బిగించాల్సి ఉంది. నేను నేలమీద కూలబడి బావ మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చాను. ఆయన వంగి ఎడమచేత్తో నా చేతిలోని స్క్రూడ్రైవర్ తీసుకుని, మిగిలిన రెండు మరలూ తానే మెల్లగా, వంకరగా బిగించడం మొదలుపెట్టాడు.