మూసేస్తున్నాం, త్వరపడండి

వీధి చివర పెద్ద షోరూం తెరిచినప్పటినుంచి మా ఫర్నిచర్ దుకాణం గుమ్మం తొక్కేవాళ్ళే కరువయ్యారు. అద్దె ఒప్పందం మళ్ళీ రాసుకోవలసిన నెల దగ్గరపడుతోంది. ఈలోగా ఆర్డర్లు పుంజుకోకపోతే తాళం వేసుకోవడమేనని మా ఆయన అన్నం ముందు కూర్చుని తేల్చేశారు.

అప్పుడు రంగంలోకి దిగాడు మా మరిది. నలుగురి దుకాణాలకూ ఫోన్లలో ప్రకటనలు వేయించి పెట్టడమే అతని ఉద్యోగం. అమ్ముడుపోని మా భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని మాకు పాఠం మొదలెట్టాడు. బొమ్మ ఒక్కటే, కింద పేరూ నంబరూ నింపే ఫారమూ ఒక్కటే. పైన హెడ్‌లైన్ మాత్రమే మారుతుందట. దేనికి ఎక్కువమంది నంబరిస్తే డబ్బు దాని మీదికే మళ్ళుతుందట. పొడుగైతే ఫోన్లో సగానికి తెగిపోతుంది కాబట్టి పొట్టిగా ఉండాలన్నాడు.

రాశాడు కూడా. 'మీ గది కొలతకే మంచం' అన్నది మా ఆయనకు తెగ నచ్చింది, ఎందుకంటే మేం చేసేది అదే. 'పాత బీరువాకు కొత్త బీరువా' అని ఒకటి, 'కిర్రుమనని కుర్చీలు' అని ఇంకొకటి. దానికి నేను నవ్వాను కూడా. చివర్లో 'మూసేస్తున్నాం, త్వరపడండి' అని కొట్టాడు.

"మూయని దుకాణాన్ని మూసేస్తున్నామని ఎలా రాస్తావురా?" అన్నారు మా ఆయన.

"ఊరికే పరీక్షకేలే అన్నయ్యా. అందరూ రాసేదే."

మా ఆయన గొణిగి ఊరుకున్నారు. నన్ను అడిగినవాడెవడు? వచ్చిన నంబర్లకు తిరిగి ఫోన్లు చేసే పని మాత్రం నాకు అంటగట్టారు.

రెండు రోజులకే నంబర్లు వరదలా వచ్చిపడ్డాయి. మరిది కాలరెగరేశాడు. ఆ వరదంతా ఆఖరి హెడ్‌లైన్‌దే. డబ్బూ దాని వైపే పరిగెత్తింది, మిగతావి ఎవరికీ కనబడకుండా పోయాయి. తీరా ఫోన్ చేస్తే ఒక్కరైనా సరుకు గురించి అడిగితే ఒట్టు. ఎప్పుడు మూస్తున్నారు, ఆఖరి రోజు ఇంకెంత తగ్గిస్తారు, అప్పుడే వస్తాం, ఇదే పాట. చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. కొలత మంచమని చూసి నంబరిచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. వాళ్ళలో సగానికి సగం వచ్చి ఆర్డరిచ్చి వెళ్ళారు. ఆ సంగతి చెబితే, లీడు, అంటే ఒక్కో నంబరు, చవగ్గా పడుతోంది వదినా, కాస్త ఓపిక పట్టు అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నంబర్లు పోగేసి ఏం చేసుకుంటాం, తాలింపు పెట్టుకుంటామా? ఆ పాడు ముక్క తీసెయ్యమని పోరాను. వారం గడిచాక తీశాడు.

అప్పటికే కొంప మునిగింది. వెనక షెడ్డులో మా మంచాలన్నీ చేసేది ఒక్క మేస్త్రి. దుకాణం పెట్టిన రోజునుంచీ ఆయనే. ఆ సోమవారం ఆయన పనిముట్ల సంచి భుజాన వేసుకుని వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. కూతురు ఫోన్లో ప్రకటన చూపించిందట. షోరూంవాళ్ళు పిలిస్తే మాటిచ్చేశాడట. అది ఉత్తుత్తిదేనని మా ఆయన ఒకటికి పదిసార్లు చెప్పారు.

"లోకమంతటికీ చెప్పారు. నాతో ఒక్క మాట అనలేకపోయారా బాబూ?" అన్నాడు మేస్త్రి.

కోప్పడినా బాగుండేది. ఆయన కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

కొలిచి ఇచ్చిన ఆర్డర్లు చేసే చెయ్యి దొరకలేదు. దొరికినవాడు కోసిన చెక్క అతుక్కోలేదు. ఆర్డరిచ్చినవాళ్ళు ఒక్కొక్కరే బయానా వెనక్కి తీసుకుపోయారు. ఒప్పందం మళ్ళీ రాసుకునే నెల వచ్చింది, మేం రాసుకోలేదు.

మిగిలిన సరుకైనా పోవాలి కదా. మరిది మొహం చూపించలేక రాలేదు. మా ఆయనే ఆ ప్రకటన తెరిపించి, ఆ హెడ్‌లైన్‌నే మళ్ళీ వేయించారు. పక్కన పోటీకి ఇంకోటి పెట్టలేదు.

ఈసారి ఫోన్ మోగలేదు. మూడో రోజున ఒక్కసారి మోగింది. ఆవిడ గొంతు నేను గుర్తుపట్టాను, పోయినసారి ఆఖరి రోజున వస్తానన్న మనిషే.

"పోయినసారీ ఇదే అన్నారుగా. నిజంగా మూసేటప్పుడు చెప్పండమ్మా, తప్పకుండా వస్తాను."

అలాగేనండి అని పెట్టేశాను. మేస్త్రి సగంలో వదిలేసిన మంచం కోళ్ళను మా ఆయన తాడుతో కట్టలు కడుతున్నారు. ఎవరని తలెత్తి అడిగారు.

రాంగ్ నంబర్ అన్నాను.