నిండిన ఏళ్లు

ఆడవాళ్ల ఆశ్రయ గృహంలో కుట్టుమిషను తొక్కే ఆ తల్లికి నోట్లో నువ్వుగింజ నానదు. కొడుకు బుడ్డోడి వయసు ఎవరడిగినా "పదేళ్లండీ" అని గొప్పగా చెప్పేది. నడుస్తున్న ఏడును కూడా లెక్కలో కలిపేసుకోవడం వాళ్లింటి అలవాటు. ఆ గొప్పే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

ఏటా జూన్ ఒకటిన పిల్లల ఫారాలు నింపుతారు. ఆ రోజుకి పదేళ్లు నిండిన మగపిల్లాడు తల్లి దగ్గర ఉండకూడదు, ఊరవతల మగపిల్లల హాస్టలుకి పోవాలి. నిండకపోతే వచ్చే జూన్ దాకా ఉండనిస్తారు. ఆ హాస్టల్లో తండ్రినని కాగితం చూపిస్తే చాలు, పిల్లాణ్ణి పంపేస్తారట. ఆ తండ్రి కొట్టిన దెబ్బ మచ్చ ఆమె పాపిట్లో ఇంకా ఉంది. వాడి చేతికి బిడ్డ చిక్కకూడదు.

ఇవాళే ఆ జూన్ ఒకటి. వార్డెనమ్మ కళ్లజోడు సర్దుకుని పుట్టినతేదీ పత్రం తీసింది.

"పదేళ్లని నువ్వే అందరికీ చెప్తున్నావుగా?"

తల్లి బల్ల అంచు పట్టుకుంది.

"పుట్టింది రెండువేల పద్నాలుగు. ఇది ఇరవైనాలుగు. తీసేస్తే పదే."

పెన్ను వయసు గడి మీదికి వెళ్లింది. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అరిస్తే లాభం లేదని ఆమెకు తెలుసు.

"ఉండు ఉండు," అంది వార్డెనమ్మ, పెన్ను పైకెత్తి. "పుట్టింది జూన్ ఇరవై. ఈ ఏడు ఆ రోజు ఇంకా రాలేదు. రాకుండా ఏడెలా నిండుతుంది? ఒకటి తగ్గించాలి. తొమ్మిదేళ్లు. పోయిన జూన్ ఇరవై నుంచి మొన్న మే ఇరవైకి పదకొండు నెలలు. మిగిలిన రోజులు లెక్కకి రావు."

గడుల్లో తొమ్మిది, పదకొండు రాసింది. తల్లి గోడకి ఆనుకుని ఏడ్చేసింది.

"ఏడవకమ్మా. ఈసారికి గట్టెక్కావు." వార్డెనమ్మ గొంతు తగ్గించింది. "వచ్చే జూన్ ఒకటికి పది నిండి పైన పదకొండు నెలలవుతాయి. అప్పుడు నా చేతుల్లో ఏమీ ఉండదు. ఈలోగా వేరే దారి చూసుకో."

గదికి వచ్చేసరికి బుడ్డోడు తలుపు చెక్కకి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. వాడి ఎత్తు కొలిచి అక్కడ పెన్సిలు గీత గీయడం వాళ్లిద్దరి ఆట. కొత్త గీత పాతదానికన్నా ఎంత పైకుంటే తల్లి అంత మురిసిపోయేది.

"అమ్మా, గీయవే. ఈసారి బాగా పెరిగాను."

ఆమె పెన్సిలు తీసుకుంది. వాడి తల మీద అరచెయ్యి పెట్టి మెల్లగా కిందికి నొక్కింది.

"కొంచెం వంగరా నాన్నా," అంది.