పరగడుపు అధ్యక్షుడు

గౌలిపుర మైదానంలో తెల్లవారుజామున అయిదింటికి వైకుంఠం ఈల వేశాడంటే ఇరవై ఆరు జతల బూట్లు కదలాల్సిందే. బేగంబజార్‌లో ఆయనకు స్టీలు సామాన్ల హోల్‌సేల్ దుకాణం ఉంది. అక్కడ ఎందరో సేఠ్‌లలో ఒక సేఠ్, అంతే. ఇక్కడ మాత్రం సూర్యోదయ నడక మిత్రమండలి అధ్యక్షుడు, అదీ ఎనిమిదేళ్లుగా! ఆయన పెట్టిన నియమం ఒక్కటే. పరగడుపున నడవాలి, నడక అయ్యేదాకా చాయ్ చుక్క కూడా గొంతు దిగకూడదు. సాయంత్రం నడిచేవాళ్లంటే ఆయనకు మహా చులకన.

“పొద్దంత తిని, పొద్దుమీకి తిరిగేది నడకనా? దాన్ని షికారంటరు!” అనేవాడు.

అలాంటి మనిషి మూడు నెలలుగా రోజూ సాయంత్రం తిండి తిని దొంగచాటుగా నడుస్తున్నాడు. అదంతా డాక్టర్ ఇంద్రజ చలవ.

వైకుంఠానికి యాభై నాలుగేళ్లు. షుగర్ వచ్చి రెండేళ్లయింది. కొంచెమే కాబట్టి గోలీలు లేవు. దసరా ముందు చేయించుకున్న రక్తపరీక్షలో మూడు నెలల షుగర్ సగటు ఏడు పాయింట్ నాలుగు వచ్చింది. ఏడు దాటకూడదట.

“పరగడుపున మీది నూట పంతొమ్మిది, ఫికర్ లేదు. రాత్రి తిన్న రెండు గంటలకు రెండు వందల ముప్పై ఆరు. దుకాణం మూసి, తొమ్మిదిన్నరకు తిని, అట్లనే ఒరుగుతున్నరు కదా, తంటా అంతా అక్కడుంది. పొద్దుటి నడక మానకండి. రాత్రి తిండి ముందుకు జరపండి, తిన్నాక ఇరవై నిమిషాలు నడవండి” అంది ఇంద్రజ.

వైకుంఠం ఒప్పుకుంటాడా? ఎనిమిదేళ్ల నమ్మకం! తానే తేల్చేద్దామని రెండు రాత్రులు ఒకే వేళకు, అవే మూడు రొట్టెలు, అదే సొరకాయ కూర తిన్నాడు. మొదటి రాత్రి కదలకుండా కూర్చుంటే షుగర్ చూసే మిషన్ రెండు వందల ఇరవై తొమ్మిది చూపించింది. రెండో రాత్రి మిద్దె మీద నడిచొస్తే నూట డెబ్బై నాలుగు. మిషన్ ఖరాబైందని ఇంకో వేలు గుచ్చుకున్నాడు. నూట డెబ్బై ఒకటి!

“వేళ్లు పది ఉన్నయి, ఇంక ఎన్ని గుచ్చుకుంటవో గుచ్చుకో” అని భార్య వీణ పగలబడి నవ్వింది.

ఆ మర్నాటి నుంచి వీణ ఏడున్నరకల్లా దుకాణానికి టిఫిన్ క్యారియర్ పంపించేది. తిని, షట్టర్ వేసి, వైకుంఠం బేగంబజార్ నుంచి నయాపూల్ దాకా నడిచేవాడు. అక్కడ ఆటో ఎక్కి ఇల్లు చేరేవాడు. మండలి వాళ్లెవరైనా ఎదురైతే వసూలుకు పోతున్నానని బొంకేవాడు. పొద్దున మాత్రం యథాప్రకారం ఈల!

జనవరిలో రిపోర్టు వచ్చింది. ఆరు పాయింట్ ఆరు. ఆ సంతోషంలో నోరు జారి మైదానంలో అంకె చెప్పేశాడు. అంతే, మండలి ఊగిపోయింది. ఆదివారం సన్మానం ఖాయమైంది. ‘ఉదయపు నడక గెలిచింది’ అని ఫ్లెక్సీ కట్టారు. అందులో వైకుంఠం పక్కన ఆ అంకె ఆయన తలకాయంత ఉంది. చూసి ఆయన మురిసిపోయాడు, లోపల వణికాడు కూడా. చెబుదామా అనుకున్నాడు. ఈ ఒక్క పూట గడవనీ అనుకున్నాడు.

దండ వేసే గౌరవం మొగులయ్యకు దక్కింది. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్, మండలిలో చేరి పది రోజులే అయింది. షుగర్‌కు గోలి వాడుతున్నాడు. వైకుంఠం అంకె విన్నప్పటి నుంచి ఆయన హుషారుకు పట్టపగ్గాల్లేవు.

ఆదివారం ముందు నడక, తర్వాత సన్మానం. మూడో చుట్టులో మొగులయ్య అడుగు తడబడింది. చలికి అందరి నోళ్లలోంచి పొగలు వస్తుంటే ఆయన చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. చేతులు వణుకుతున్నాయి. పేరు అడిగితే డిపో నంబరు చెప్పాడు.

“గాలాడనియ్యిండ్రి! నీళ్లు తాగియ్యిండ్రి!” ఒకటే లొల్లి.

వైకుంఠం గుంపును తోసుకుని వచ్చాడు. “పొద్దుగాల గోలి ఏసుకున్నవా?” అని అరిచాడు. మొగులయ్య తల ఊపాడు. “ఏమన్న తిన్నవా?” లేదన్నట్టు చెయ్యి కదిపాడు.

షుగర్ పడిపోయింది! చక్కెర కావాలి, ఈ క్షణమే కావాలి. ఇరవై ఆరుగురు పరగడుపు వీరుల జేబులు వెతికినా ఒక్క చాక్లెట్ దొరకదు, నియమం అలాంటిది మరి. అధ్యక్షుడు తన బొజ్జనూ పెద్దరికాన్నీ మరిచి, గేటు అవతల చాయ్ బండి దాకా ఒకే పరుగు తీశాడు. గ్లాసెడు నీళ్లలో నాలుగు చెంచాల చక్కెర కలిపి, సగం చొక్కా మీద ఒలికినా ఆగకుండా వెనక్కి ఉరికొచ్చాడు. మొగులయ్యకు స్పృహ ఉంది, మింగగలుగుతున్నాడు. గుక్క గుక్కగా తాగించాడు.

పది నిమిషాలకు ఆయన మొహంలోకి కళ వచ్చింది. బన్ను తినిపించారు. చప్పట్లు మోగాయి. వైకుంఠానికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

“పరేషాన్ గాకు అన్నా” అన్నాడు మొగులయ్య, బన్ను నములుతూ. “రేపు సుత గిట్లనే వస్త. నీకు పరగడుపు నడకతోనే దిగింది గదా. నాకు దిగదా?”

వైకుంఠం ఫ్లెక్సీ వైపు చూశాడు. రేపు వస్తాడు, గోలి వేసుకుని, ఖాళీ కడుపుతో, ఫ్లెక్సీ మీది అంకె చూసి. రేపు తన పరుగు అందకపోతే?

గబగబా వెళ్లి మైకు పట్టుకున్నాడు.

“నాకు దిగింది పొద్దుటి నడకతోని గాదు. మూడు నెలల సంది రాత్రి ఏడున్నరకు తిని, బేగంబజార్ నుంచి నయాపూల్ దాక నడుస్తున్న. మీకు చెప్పలే. సిగ్గయింది.”

మైదానం ఒక్కసారిగా గగ్గోలెత్తింది. ఎనిమిదేళ్లు చలిలో లేపావే అని ఒకరు, ఈ ఫ్లెక్సీ ఖర్చు నీదే అని ఒకరు.

“పొద్దుటి నడక ఖరాబ్ అంటలేను! నాకు ఎక్కేది తిన్నంక, గందుకే గప్పుడు నడిస్తె దిగింది. ఎవ్వరికి వాళ్లు తమ డాక్టర్‌ను అడుగుండ్రి. గోలి ఏసుకునేటోళ్లకు నా నియమం లేదు. ఇయ్యాల్టి నుంచి ఎవ్వరికీ లేదు!”

మొగులయ్య లేచి నిలబడ్డాడు. ఆయనకు వేయాల్సిన దండ చేతిలోకి తీసుకున్నాడు.

“నా పానం కంటె నీ సిగ్గు పెద్దదా అన్నా?”

మొగులయ్య దండను కుర్చీ మీద పెట్టి వెళ్లిపోయాడు. ఫ్లెక్సీని వైకుంఠమే విప్పాడు.

సోమవారం ఆయన పొద్దున్నే మొగులయ్య ఇంటికి వెళ్లి, బతిమాలి, ఇంద్రజ క్లినిక్‌కు వెంటబెట్టుకుని పోయాడు. దారంతా మొగులయ్య రెండడుగులు ముందే నడిచాడు.

గోలి పేరు చూసి ఇంద్రజ కళ్లు పెద్దవి చేసింది. “ఇది వేసుకున్నాక తిండి ఆలస్యం కావద్దు. పొద్దున టిఫిన్‌కు ముందే వేసుకుని వెంటనే తినండి. నడక ఆ తర్వాత పెట్టుకోండి, రాత్రి తిన్నాక అయినా మంచిదే. ఏ వేళ మీకు రోజూ కుదిరితే ఆ వేళ. జేబులో చక్కెర ఉండాలె. ఇంతకీ గోలి వేసుకుని పరగడుపున నడవమని ఎవరు చెప్పిన్రు?”

మొగులయ్య నేల చూశాడు. మండలి పరువు తీయడం ఇష్టంలేక గొణిగాడు, “ఎవ్వరో అన్నరు డాక్టరమ్మా...”

“ఎవ్వరో గాదు, నేనే” అన్నాడు వైకుంఠం. “ఎనిమిదేండ్ల సంది అందరికీ నేనే చెప్పిన.”

మొగులయ్య ఆయన వైపు తిరిగాడు. నిన్నటి నుంచి మొదటిసారి సూటిగా చూశాడు.

“పొద్దుమీకి నడకకు ఎన్నిటికి రావాలె అన్నా, నీ దుకాణానికి?”